నల్లా నీళ్ళా, నల్ల నీళ్ళా? పెద్ద గ్రూపులో తెలుగు ఏ లిపిలో రాయాలి

పోయిన వేసవిలో ఒక రోజు పొద్దున్నే మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో బి బ్లాక్ ఆంటీ ఒకరు ఈ మెసేజ్ పెట్టారు:

```
B block lo nalla neellu vastunnayi
```

చదివినవాళ్ళలో చాలామందికి అది మంచి వార్త. హైదరాబాద్‌లో కొళాయిని మనం నల్లా అంటాం. వేసవిలో నల్లా నీళ్ళు వచ్చాయంటే బిందెలు, డ్రమ్ములు తీయాల్సిందే. ఒకాయన దండం బొమ్మ కూడా పెట్టారు. ఆవిడ చెప్పింది మాత్రం నల్లా సంగతి కాదు, నీళ్ళ రంగు సంగతి. బి బ్లాక్ సంపులోకి మురుగు దిగింది. ట్యాపు తిప్పితే నల్లటి నీళ్ళు పడుతున్నాయి. ఆ విషయం అందరికీ అర్థమయ్యేసరికి గంటన్నర పట్టింది. ఆలోపు కొందరు ఆ నీళ్ళతోనే బియ్యం కడిగారు.

"నల్లా" అనే మాటకూ "నల్ల" అనే మాటకూ మధ్య ఉన్నది ఒక్క దీర్ఘం. తెలుగు లిపిలో రాస్తే ఆ దీర్ఘం కంటికి కనబడుతుంది. ఇంగ్లిష్ అక్షరాల్లో రాస్తే రెండూ `nalla` అవుతాయి. కమిటీ తరఫున నోటీసులు రాసే పని నాది కాబట్టి, ఆ రోజు నుంచి ఈ లిపి విషయం గట్టిగా పట్టించుకోవడం మొదలుపెట్టాను. నాలుగు బ్లాకులు, 260 ఫ్లాట్లు, గ్రూపులో 400 మందికి పైగా ఉన్న చోట ఏ లిపి ఎందుకు పనికొస్తుందో, ఎక్కడ ముంచుతుందో ఇక్కడ రాస్తున్నాను. ఇలాంటి గ్రూపు నడిపేవాళ్ళకు, అందులోనూ నీళ్ళు, కరెంటు, లిఫ్టు లాంటి అవసరాల మీద మెసేజ్‌లు పెట్టేవాళ్ళకు పనికొస్తుందని నా నమ్మకం.

చదవడంలో తేడా

ఇంగ్లిష్ అక్షరాలు 26. తెలుగులో మనం పలికే తేడాలు అంతకంటే చాలా ఎక్కువ. త, ట రెండూ `t`లోనో `th`లోనో ఇరుక్కుంటాయి. ద, డ రెండూ `d`లో. న, ణ ఒక చోట, ల, ళ ఒక చోట. అన్నిటికంటే పెద్ద నష్టం దీర్ఘాలది. రాసేవాళ్ళు ఒకసారి `aa` అని పెడతారు, ఇంకోసారి ఒక్క `a`తో సరిపెడతారు. `meda` అంటే మెడ కావచ్చు, మేడ కావచ్చు. తొందరలో రాస్తే "మీద" కూడా అదే అవుతుంది. `kallu` అంటే కళ్ళు, కల్లు, కాళ్ళు.

"సందర్భాన్ని బట్టి తెలిసిపోతుంది కదా" అని చాలామంది అంటారు. నలుగురు స్నేహితుల మధ్య అది నిజమే. అక్కడ రాసేది ఎవరో, ఏ సంగతి నడుస్తోందో అందరికీ తెలుసు. 400 మంది ఉన్న గ్రూపులో ఆ సందర్భమే ఉండదు. ఆఫీసులో మీటింగ్ మధ్యలో ఒకరు ఫోన్ తీస్తారు, పైనున్న ఎనభై మెసేజ్‌లు వదిలేసి చివరిది మాత్రమే చూస్తారు. ఆ ఒక్క వాక్యమే వాళ్ళకు దొరికే సందర్భం.

నల్ల నీళ్ళ గొడవ అయిన మర్నాడు సంపు కడిగించి, బ్లీచింగ్ పౌడర్ వేయించాం. అప్పుడు కమిటీ నుంచి వెళ్ళిన మెసేజ్ ఇది. రాసింది నేనే:

```
Ee roju tap neellu tagadaniki vadhandi
```

నా మనసులో ఉన్నది "వద్దండి". సి బ్లాక్‌లో ఒక పెద్దాయన దాన్ని "వాడండి" అని చదివారు. ఆయన తప్పేమీ లేదు. ద్ద అనే ఒత్తును కొందరు `dd` అని రాస్తారు, కొందరు `dh` అని. డ కోసం కూడా `d`, `dh` రెండూ వాడేవాళ్ళున్నారు. తాగొద్దు అని చెప్పాల్సిన వాక్యం తాగమన్నట్టు చదవడానికి వీలైంది. "వాడండి", "వద్దండి" అని తెలుగులో పక్కపక్కన పెట్టి చూడండి, ఒకదాన్ని చూసి ఇంకొకటి అనుకునే అవకాశమే లేదు.

హైదరాబాద్‌లో ఇంకో చిక్కు ఉంది. మా గ్రూపులో ఉర్దూ, హిందీ మాట్లాడే కుటుంబాలు కూడా ఉన్నాయి. `Repu pani undadu` అని సూపర్‌వైజర్ రాశాడు. రేపు పెయింటర్ల పని ఉండదని ఆయన భావం. పక్క ఫ్లాట్ భాయ్ దాన్ని చూసి, రేపు నీళ్ళు ఉండవని ఇంట్లో బకెట్లు నింపించారు. ఇంగ్లిష్ అక్షరాల్లో రాసిన మాటను ఎవరికి తెలిసిన భాషలో వాళ్ళు చదువుకుంటారు. `me flat` అని మనం "మీ ఫ్లాట్" కోసం రాస్తే, ఇంగ్లిష్‌కు అలవాటుపడ్డ కన్ను ముందు ఇంగ్లిష్ `me`నే చూస్తుంది. ఒక్క క్షణం ఆగి, వెనక్కి వెళ్ళి, మళ్ళీ చదవాల్సి వస్తుంది.

ఆ ఆగడమే అసలు బరువు. తెలుగు లిపి వచ్చినవాళ్ళు "వస్తున్నాయి" అనే మాటను కూడబలుక్కోరు, మాట ఆకారం చూడగానే గుర్తుపడతారు. `vastunnayi`, `vasthunnai`, `wastunnay` అని రకరకాలుగా కనబడితే ఏ ఒక్క ఆకారమూ కంటికి అలవాటు కాదు. ప్రతిసారీ లోపల పలుక్కుని, చెవితో విని అర్థం చేసుకోవాలి. ఒక లైను మెసేజ్‌కు ఇది పెద్ద లెక్క కాదు. మెయింటెనెన్స్ ఎందుకు పెరిగిందో చెప్పే పదిహేను లైన్ల నోటీసును అలా రాస్తే, నాలుగో లైను దగ్గరే చాలామంది వదిలేస్తారు. చివర్లో ఉన్న గడువు తేదీ ఎవరూ చూడరు. తర్వాత "మాకు ఎవరూ చెప్పలేదు" అంటారు. వాళ్ళు నిజమే చెబుతున్నారని ఇప్పుడు నాకు అర్థమవుతోంది.

అయితే తెలుగు లిపి అందరికీ అందుతుందని అనుకోవడం కూడా పొరపాటే. మా దగ్గర తెలుగు చక్కగా మాట్లాడుతూ లిపి చదవలేని పిల్లలున్నారు, వేరే రాష్ట్రాల్లో చదువుకుని వచ్చినవాళ్ళున్నారు, వింటే అర్థమయ్యే పాతబస్తీ కుటుంబాలున్నాయి. వాళ్ళకు `neellu ravu` అని రాస్తే తెలుస్తుంది, "నీళ్ళు రావు" అని రాస్తే తెలియదు. ఇంకోవైపు మా వాచ్‌మన్, ఆయన భార్య పాలమూరు నుంచి వచ్చారు. ఇద్దరూ ఊళ్ళో తెలుగు బడిలో ఏడో తరగతి దాకా చదువుకున్నారు. ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు పెడితే "సార్, ఏం రాసిన్రు?" అని ఫోన్ చేసి అడుగుతారు. మోటారు వేసేది, వాల్వు తిప్పేది వాళ్ళే. వాళ్ళకు అందని నీళ్ళ నోటీసు ఎందుకు?

చూపు సరిగా లేనివాళ్ళ సంగతి కూడా గుర్తుంచుకోవాలి. ఫోన్ మెసేజ్‌ను పైకి చదివి వినిపించేటప్పుడు తెలుగు లిపిని తెలుగు గొంతుతో చదువుతుంది. ఇంగ్లిష్ అక్షరాలు చూస్తే ఇంగ్లిష్ అనుకుని అదే యాసతో చదువుతుంది, వినేవాళ్ళకు ఒక్క ముక్క అర్థం కాదు. గ్రూపులో అలాంటివాళ్ళు ఒక్కరున్నా ఇది లెక్కలోకి తీసుకోవాల్సిన విషయమే.

వెతకడంలో తేడా

చదవడం ఆ రోజుతో అయిపోతుంది. వెతకడం నెలల తర్వాత వస్తుంది, అసలు ఇబ్బంది అప్పుడే బయటపడుతుంది.

నవంబరులో బి బ్లాక్‌లో మళ్ళీ వాసన వచ్చింది. ప్లంబర్ వచ్చి, "పోయినసారి ఎప్పుడైంది? అప్పుడు ఏ వాల్వు మార్చారు?" అని అడిగాడు. గ్రూపులో ఎక్కడో రాసి ఉంది. సెర్చ్‌లో `nalla` అని కొట్టాను. వచ్చినవి చూడండి: నల్లా బిల్లు కట్టమన్న మెసేజ్‌లు, గేటుకు అడ్డంగా పెట్టిన నల్ల కారు గురించి గొడవ, నల్లకుంటలో ఎవరికో ఇల్లు అద్దెకు కావాలన్న మెసేజ్, నల్లగండ్లలో కొత్తగా తెరిచిన స్కూలు గురించి చర్చ. నేను వెతుకుతున్నది మాత్రం వీటిలో కనబడలేదు. పైగా కొందరు నల్లాను `nala` అని రాస్తారు. అది `nalla` అని వెతికితే దొరకదు. `nala` అని వెతికితే వాన నీళ్ళు పోయే నాలా పొంగిన రోజు మెసేజ్‌లన్నీ వస్తాయి.

చాట్‌లోని సెర్చ్ అర్థాన్ని చూడదు, అక్షరాలను పోలుస్తుంది. గూగుల్‌లో ఒక మాట తప్పుగా కొట్టినా అది సర్దుకుని చూపిస్తుంది కాబట్టి చాట్ కూడా అలాగే చేస్తుందని మనం అనుకుంటాం. చాట్‌లో మీరు కొట్టిన వరస అక్షరాలు ఉంటేనే మెసేజ్ దొరుకుతుంది. మా ఫోన్లలో పదం మొదలు నుంచి పోలుస్తోంది, అందుకే `nalla` అంటే నల్లకుంట కూడా వచ్చింది.

ఇప్పుడు "వస్తున్నాయి" అనే ఒక్క మాట తీసుకోండి. మొదట `v` లేదా `w`. మధ్యలో `st` లేదా `sth`. తర్వాత `nn` లేదా `n`. చివర `yi`, `i`, `y`. ఈ నాలుగు చోట్ల ఉన్న తేడాలే గుణిస్తే 24 రకాలు. ఇందులో `u` మింగేసేవాళ్ళను, `aa` పెట్టేవాళ్ళను ఇంకా కలపలేదు. 400 మంది రాసే గ్రూపులో ఏ రకం వెతకాలో ముందుగా తెలియదు. రాసినవాళ్ళు కూడా తాము ఎలా రాశారో గుర్తుపెట్టుకోరు. నా పాత మెసేజ్‌లు చూసుకుంటే, ఒకే వారంలో నేనే `neellu`, `nellu` రెండూ రాశాను.

తెలుగు లిపిలో అదే వెతుకులాట ఎలా ఉంటుందో చూద్దాం. "నల్లా" అని దీర్ఘంతో కొడితే నల్లా, నల్లాలో, నల్లాకి, నల్లాల అన్నీ వస్తాయి. నల్లకుంట, నల్లగండ్ల, నల్ల కారు రావు, ఎందుకంటే వాటిలో ల్ల తర్వాత దీర్ఘం లేదు. అదే మీరు "నల్ల" అని దీర్ఘం లేకుండా కొడితే, నల్లా కూడా అదే అక్షరాలతో మొదలవుతుంది కాబట్టి అన్నీ కలిసి వస్తాయి. అంటే తెలుగులో వెతికేటప్పుడు వలను చిన్నది చేసుకోవాలో పెద్దది చేసుకోవాలో మన చేతిలో ఉంటుంది. ఇంగ్లిష్ అక్షరాల్లో ఆ పట్టు ఉండదు.

తెలుగు లిపి అన్నిటికీ మందు అని మాత్రం చెప్పలేను. మూడు చోట్ల అది కూడా దెబ్బతీస్తుంది. నోటీసులు రాయడం మొదలుపెట్టాక ఈ మూడూ నాకు ఎదురయ్యాయి.

మొదటిది మన వర్ణక్రమంలోనే ఉంది. నీళ్ళు, నీళ్లు అని రెండు విధాలా రాస్తాం, రెండూ తప్పు కావు. కానీ ళ కింద ళ వత్తు, ళ కింద ల వత్తు ఫోన్‌కు వేరువేరు అక్షరాలు. ఒకటి వెతికితే రెండోది రాదు. దీనికి నేను చేసేది, వెతికేటప్పుడు మాట మొత్తం కొట్టకుండా "నీళ్" దగ్గర ఆపడం. అప్పుడు రెండు రకాలూ, నీళ్ళకు, నీళ్లలో కూడా దొరుకుతాయి. "నీరు", "నీటి" మాత్రం ఇలా దొరకవు, అవి విడిగా వెతకాలి. కొన్ని యాప్‌లలో ఇలా పొల్లు దగ్గర ఆపితే ఏమీ రాదు, అక్కడ "నీ" అని కొట్టి కిందికి జరుపుకుంటూ పోవడమే. మీ ఫోన్‌లో ఏది నడుస్తుందో తెలుసుకోవడానికి, మీకు మీరే మూడు మెసేజ్‌లు పంపుకోండి. ఒకదానిలో నీళ్ళు, ఇంకోదానిలో నీళ్లు, మూడోదానిలో నీళ్ళకు అని రాసి వెతికి చూడండి. రెండు నిమిషాల పని.

రెండోది ఇంగ్లిష్ నుంచి వచ్చిన మాటలు. ఇక్కడ మొత్తం కథ తిరగబడుతుంది. ట్యాంకర్ అనే మాటను తెలుగులో ట్యాంకర్, ట్యాంకరు, టాంకర్ అని రాస్తారు. మోటర్, మోటార్, మోటారు. సంప్, సంపు. మెయింటెనెన్స్ అయితే చెప్పనే అక్కర్లేదు. ఇవే ఇంగ్లిష్‌లో `tanker`, `motor`, `sump` అని దాదాపు అందరూ ఒకేలా రాస్తారు. అంటే తెలుగు మాటలు తెలుగు లిపిలో బాగా దొరుకుతాయి, ఇంగ్లిష్ మాటలు ఇంగ్లిష్ లిపిలో బాగా దొరుకుతాయి. నోటీసు రాసేవాళ్ళు ఈ ఒక్క సంగతి పట్టుకుంటే సగం పని అయినట్టే.

మూడోది కంటికి కనబడనిది. సాఫ్ట్‌వేర్, అపార్ట్‌మెంట్ లాంటి మాటల్లో ట్ తర్వాతి అక్షరం కింద వత్తుగా మారకుండా ఉండాలంటే, మధ్యలో ఒక కనబడని గుర్తు పెట్టాలి. కొన్ని కీబోర్డులు దాన్ని వాటంతట అవే పెడతాయి, కొన్ని పెట్టవు. పెట్టకపోతే అక్షరాలు అతుక్కుని "అపార్ట్మెంట్" అవుతుంది. చదవడానికి అర్థమవుతుంది, వెతికితే రెండూ వేరు మాటలు. ఇలాంటి మాట ఎంతకీ దొరకకపోతే మొదటి రెండు మూడు అక్షరాలే కొట్టి చూడండి.

బొమ్మగా పెట్టిన నోటీసు

లిపి గొడవ కంటే ముందు ఒక మాట చెప్పాలి. మా కమిటీ పాత నోటీసులు చాలావరకు తెలుగులోనే, అచ్చు అందంగా ఉండేవి. డీటీపీ షాపులో టైప్ చేయించి, ఫొటో తీసి గ్రూపులో పెట్టేవాళ్ళు. అవి చదవడానికి బాగానే ఉంటాయి, సెర్చ్‌లో మాత్రం ఒక్కటీ రాదు. నల్ల నీళ్ళ రోజు ఏ వాల్వు మార్చారో రాసిన కాగితం చివరికి అలాంటి ఫొటోలోనే దొరికింది. గ్రూపులోని ఫొటోలన్నీ వేలితో జరుపుకుంటూ ఇరవై నిమిషాలు వెతికితే కనబడింది.

"అయితే ఆ ఫైలే పంపండి, కాపీ చేసుకుంటాం" అని షాపును అడిగితే ఇంకో కష్టం. ఇప్పటికీ చాలా డీటీపీ షాపుల్లో అను లాంటి పాత ఫాంట్లతో టైప్ చేస్తారు. ఆ ఫైలు తెరపై తెలుగులా కనబడుతుంది, లోపల ఉన్నవి తెలుగు అక్షరాలు కావు. కాపీ చేసి చాట్‌లో పేస్టు చేస్తే పిచ్చి గుర్తులు వస్తాయి. యూనికోడ్‌లో, అంటే ఫోన్లకు అర్థమయ్యే అసలు తెలుగు అక్షరాల్లో కావాలని ముందే చెప్పండి. ఇచ్చిన ఫైలులోంచి ఒక లైను చాట్‌లో పేస్టు చేసి చూడండి. తెలుగుగా కనబడితే సరే.

ఎవరు ఏది ఎంచుకోవాలి

ఇంగ్లిష్ అక్షరాలే సరిపోయే చోట్లు ఉన్నాయి. పదిమంది స్నేహితుల గ్రూపు. పిల్లల క్రికెట్ గ్రూపు. "కిందికి రండి, లిఫ్టు ఆగింది" అని ఆ నిమిషానికే పనికొచ్చే మాట. తెలుగు లిపి చదవలేనివాళ్ళు సగానికి పైగా ఉన్న గ్రూపు. వీటిలో రేపు వెతకాల్సిన అవసరం తక్కువ, అపార్థమైనా వెంటనే అడిగి సర్దుకోవచ్చు.

ఎస్సెమ్మెస్‌లు పంపే అసోసియేషన్లకు డబ్బు లెక్క కూడా ఉంటుంది. ఇంగ్లిష్ అక్షరాలైతే ఒక ఎస్సెమ్మెస్‌లో 160 పడతాయి. ఒక్క తెలుగు అక్షరం కలిసినా ఆ మెసేజ్ మొత్తానికి పరిమితి 70కి పడిపోతుంది. గుణింతం, పొల్లు, వత్తు కూడా విడివిడిగా లెక్కకు వస్తాయి. "వస్తున్నాయి" అనేది కంటికి నాలుగు అక్షరాలే, లెక్కలో 11. కాబట్టి తెలుగు ఎస్సెమ్మెస్ త్వరగా రెండు మూడు మెసేజ్‌ల ఖర్చు అవుతుంది. వాట్సాప్‌లో ఈ లెక్క లేదు.

ఇంగ్లిష్ అక్షరాలే వాడాలనుకుంటే పెద్ద అక్షరాల పద్ధతితో తేడాలు చూపొచ్చు కదా అని ఒక అంకుల్ అడిగారు. పాత రోజుల్లో ఇంటర్నెట్‌లో తెలుగు రాసినవాళ్ళు ఆర్‌టీఎస్ అనే పద్ధతి వాడేవారు. లేఖిని లాంటి పరికరాలు ఇప్పటికీ దాని మీదే నడుస్తాయి. `t` అంటే త, `T` అంటే ట. `l` అంటే ల, `L` అంటే ళ. టైప్ చేసి తెలుగు లిపిలోకి మార్చుకోవడానికి అది చక్కని పద్ధతి. చాట్‌లో నేరుగా అలాగే వదిలేస్తే నిలబడదు. ఫోన్ వాక్యం మొదట్లో తనే పెద్ద అక్షరం పెట్టేస్తుంది. పైగా సెర్చ్‌కు పెద్దక్షరం, చిన్నక్షరం ఒకటే, కాబట్టి `T`తో చూపిన తేడా వెతికేటప్పుడు మాయమైపోతుంది.

ఇక నీళ్ళు, కరెంటు, డబ్బు, గడువు తేదీలు, ఫోన్ నంబర్లు లాంటి దాచుకోవాల్సిన సమాచారం అయితే, 50 మంది దాటిన గ్రూపులో తెలుగు లిపే ఎంచుకోమని నేను చెబుతాను. టైప్ చేయడం కష్టమనే మాట ఇప్పుడు పెద్దగా నిలవదు. జీబోర్డులో తెలుగు కలుపుకునేటప్పుడు `abc → తెలుగు` అనే రకం ఎంచుకుంటే, ఇప్పుడు కొడుతున్నట్టే ఇంగ్లిష్ అక్షరాలు కొట్టొచ్చు, తెరపై తెలుగు వస్తుంది. `nalla` అని కొడితే పైన ఒకటి కంటే ఎక్కువ మాటలు చూపిస్తుంది, మనకు కావాల్సింది ముట్టుకోవాలి. నల్లానా, నల్లనా అన్న ప్రశ్న పోలేదు, నిజమే. కానీ దాన్ని తేల్చేది ఇప్పుడు రాసేవాళ్ళు, ఒక్కసారి. లేకపోతే చదివే 400 మందీ ఎవరికి వారు తేల్చుకోవాలి.

మైక్ నొక్కి చెప్పి టైప్ చేయించేవాళ్ళు పంపే ముందు తప్పకుండా ఒకసారి చదవండి. చెప్పింది "వాడొద్దు" అయితే అక్కడ "వాడొద్దు" అనే పడిందో లేదో చూడాలి. నల్ల, నల్లా లాంటి దగ్గర మాటల్ని ఫోన్ చెవి కూడా పొరబడుతుంది.

మేము పెట్టుకున్న పద్ధతి

మా గ్రూపులో ఎవరినీ ఎలా రాయాలని కట్టడి చేయలేదు. మాట్లాడుకునేవాళ్ళు ఇష్టమున్నట్టు రాసుకుంటారు. కమిటీ నోటీసు మాత్రం ఒకే పద్ధతిలో వెళ్తుంది:

```
XWATER B block 14-11-2025
ఈ రోజు నల్లా నీళ్ళు తాగొద్దు. సంపు కడిగి
బ్లీచింగ్ పౌడర్ వేశాం. రేపు ఉదయం 8 తర్వాత వాడుకోవచ్చు.
Do not drink tap water today. OK after 8 am tomorrow.
```

మొదటి లైను వెతకడానికి, రెండో ముక్క చదవడానికి, చివరిది తెలుగు లిపి రానివాళ్ళకు. మొదటి లైనులో `WATER` అని మాత్రమే పెడితే మామూలు మాటల్లో వచ్చే `water` మెసేజ్‌లన్నీ కలుస్తాయి. ముందు `X` పెడితే ఆ మాట గ్రూపులో ఇంకెవరూ రాయరు. `XWATER` అని కొడితే నీళ్ళ నోటీసులన్నీ, కేవలం అవే, తేదీల వరసలో వస్తాయి. `#` గుర్తు పెట్టొచ్చు కదా అంటే, కొన్ని సెర్చ్‌లు గుర్తులను పట్టించుకోవు, అప్పుడు మళ్ళీ మామూలు `water`తో కలిసిపోతుంది. మాకు ఇలాంటి మాటలు ఐదే ఉన్నాయి: `XWATER`, `XPOWER`, `XLIFT`, `XMAINT`, `XMEET`. అంతకంటే పెంచితే రాసేవాళ్ళకే గుర్తుండవు. తేదీని ప్రతిసారీ అంకెల్లో, ఒకే వరసలో రాస్తాం.

తెలుగు వాక్యాల్లో నేను రెండు జాగ్రత్తలు పాటిస్తాను. చేయొద్దని చెప్పేటప్పుడు "తాగొద్దు", "వాడొద్దు" అని క్రియతో కలిపి రాస్తాను, వట్టి "వద్దు" అని వదలను. ళ్ళ, ళ్ల రెండిట్లో ళ్ళ ఒక్కటే వాడతాను. ఏది సరైనదన్న వాదన కాదు ఇది, ఎప్పుడూ ఒకటే ఉంటే వెతకడం తేలిక.

పాత మెసేజ్‌లను ఏం చేయాలన్నది మిగిలింది. వాటిని మార్చలేం. గ్రూపులో ఎక్స్‌పోర్ట్ చాట్ నొక్కి, ఫొటోలు లేకుండా తీసుకుంటే మెసేజ్‌లు ఒక టెక్స్ట్ ఫైలుగా వస్తాయి. మా డి బ్లాక్ కుర్రాడు సాఫ్ట్‌వేర్‌లో పనిచేస్తాడు. ఆ ఫైలు మీద లినక్స్‌లో ఇలా వెతికి పెట్టాడు:

```
grep -iwE 'na+l+a+' chat.txt
grep -iE 'n(ee|i|e)l+u' chat.txt
grep -E 'నీళ్(ళ|ల)' chat.txt
```

మొదటిది `nala`, `nalla`, `naala`, `nallaa` అన్నిటినీ పట్టుకుంటుంది, పూర్తి మాటగా ఉంటేనే చూపిస్తుంది కాబట్టి నల్లకుంట రాదు. రెండోది `neellu`, `nellu`, `nillu`, `neelu`. మూడోది తెలుగులోని రెండు రకాల నీళ్ళు. మొదటి దానిలో నల్లా, నల్ల, నాలా మూడూ కలిసే వస్తాయి. అక్కడ ఇంకే కిటుకూ లేదు, ఒక్కొక్కటి చదివి వేరు చేయాల్సిందే. ఆ కుర్రాడు, నేను ఒక ఆదివారం కూర్చుని నీళ్ళకు సంబంధించినవి ఏరాం. తేదీ, బ్లాకు, ఏ వాల్వు, ఎవరు చేశారు అని ఒక పేజీ రాసి, `XWATER` పేరుతో గ్రూపులో పెట్టి పిన్ చేశాం. ప్లంబర్ ఈసారి వచ్చినప్పుడు వాచ్‌మన్ భార్యే తన ఫోన్‌లో అది తీసి చూపించింది.